ఇంప్లాంట్ పన్ను చుట్టూ రక్తం కనిపిస్తే: రోజువారీ శుభ్రత, పెరి-ఇంప్లాంటైటిస్ గుర్తులు, వైద్యుని దగ్గర తీయించుకోవలసిన కొలతలు

ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు. ఆ మాట నిజమే కాబట్టి, పన్ను పెట్టించుకున్న చాలామంది ఇక దానికి ఏ జబ్బూ రాదని నమ్మి నిశ్చింతగా ఉంటారు. అయితే పుచ్చు పట్టనిది టైటానియం మరకు, దానిపై తొడిగిన క్రౌన్‌కు మాత్రమే. ఆ మరను పట్టుకుని ఉన్న చిగురూ, దవడ ఎముకా మన శరీరంలోవే. చిగురు అంచున చేరే పాచిలోని సూక్ష్మజీవుల వల్ల అవి వాస్తాయి, ఆ వాపు లోపలికి దిగితే ఎముక కరుగుతుంది. ఈ క్రమం దాదాపు ఎప్పుడూ నొప్పి లేకుండానే సాగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో నొప్పి గురించి కాక, రక్తం గురించీ, కొన్ని మిల్లీమీటర్ల కొలతల గురించీ ఎక్కువగా చెబుతున్నాను. ఉదాహరణగా, ఎక్కువమందికి ఉండే కింది దవడ పన్ను స్థానంలోని ఒంటి ఇంప్లాంట్‌నే తీసుకుంటున్నాను. పూర్తి పళ్ళ సెట్టును మోసే ఇంప్లాంట్‌ల శుభ్రత వేరుగా చెప్పవలసిన విషయం.

సహజమైన పన్నుకూ దీనికీ ఎక్కడ తేడా

సహజమైన పన్ను వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. చిగురులోని నారలు కూడా వేరు ఉపరితలంలోకి అడ్డంగా చొచ్చుకుపోయి, బయటి మురికి లోపలికి దిగకుండా బిగువుగా పట్టి ఉంచుతాయి. ఇంప్లాంట్‌కు ఈ రెండూ లేవు. ఎముక నేరుగా లోహానికి అతుక్కుంటుంది; చిగురు నారలు మాత్రం లోహంలోకి చొచ్చుకుపోలేవు కాబట్టి దాని పక్కగా, చుట్టూగా సాగుతాయి. వేరును అంటిపెట్టుకుని ఉండే పొర నుంచి చిగురుకు అందే రక్త సరఫరా కూడా ఇక్కడ ఉండదు. కనుక పాచి చేరినప్పుడు చిగురు చేయగల ప్రతిఘటన తక్కువ, వాపు లోతుకు దిగే వేగం ఎక్కువ. పన్ను చిగుళ్ళ జబ్బుతో ఊడితే దాని స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకున్నవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పొగ తాగేవారూ, మధుమేహం అదుపులో లేనివారూ కూడా అదే జాగ్రత్తలో ఉండాలి.

జబ్బుకు రెండు అంచెలున్నాయి. మొదటిది పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్. ఇందులో చిగురు మాత్రమే వాస్తుంది, తాకితే రక్తం వస్తుంది, ఎముక క్షేమంగా ఉంటుంది. పాచిని పూర్తిగా తొలగిస్తే ఇది తగ్గిపోగలదు. రెండవది పెరి-ఇంప్లాంటైటిస్. ఇందులో వాపుతోపాటు ఎముక కూడా తరుగుతూ పోతుంది. తరిగిన ఎముకను తిరిగి యథాస్థితికి తేవడం చాలా కష్టం. కాబట్టి మనం చేసే ప్రయత్నమంతా మొదటి అంచెలోనే జబ్బును పట్టుకోవడానికే.

మొదటి పని: ఆరు అంకెలు, ఒక ఎక్స్‌రే సంపాదించి పెట్టుకోండి

క్రౌన్ బిగించిన తరువాత, చిగురు కుదురుకున్నాక, వైద్యులు ప్రోబ్ అనే గీతలున్న సన్నని పరికరాన్ని చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య మెల్లగా దించి లోతు చూస్తారు. చెంప వైపు మూడుచోట్ల, నాలుక వైపు మూడుచోట్ల, మొత్తం ఆరు కొలతలు వస్తాయి. లోతు ఇంత ఉంటేనే ఆరోగ్యమని అందరికీ వర్తించే గీత లేదు. చిగురు మందంగా ఉన్నచోట, ఇంప్లాంట్ లోతుగా పెట్టినచోట అంకె సహజంగానే పెద్దగా ఉంటుంది. అందువల్లనే ఎవరి మొదటి కొలత వారికి ప్రమాణం. ఆ ఆరు అంకెలూ రాయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. అప్పుడు రాయించుకోకపోతే తరువాతి సందర్శనలోనైనా అడగండి.

దానితోపాటు క్రౌన్ పెట్టిన రోజున తీసిన ఎక్స్‌రే, మళ్ళీ ఏడాదికి తీసిన ఎక్స్‌రే కావాలి. మొదటి కొన్ని నెలల్లో ఎముక అంచు కొద్దిగా సర్దుకుని కిందికి దిగడం జబ్బు కాదు. ఆ సర్దుబాటు ముగిశాక ఎముక ఎక్కడ నిలిచిందో చూపే చిత్రమే తరువాత పోల్చుకోవడానికి పనికివస్తుంది. ఇంప్లాంట్ తయారీ సంస్థ పేరు, దాని కొలత, క్రౌన్‌ను స్క్రూతో బిగించారా లేక సిమెంట్‌తో అతికించారా అన్న వివరం కూడా అదే కాగితం మీద ఉండాలి. పదేళ్ళ తరువాత వేరే వైద్యుని దగ్గరకు వెళ్ళవలసి వస్తే, సరైన స్క్రూడ్రైవర్ ఏదో తెలియడానికి ఈ వివరమే ఆధారం.

రెండవ పని: రాత్రి శుభ్రత

ఇక్కడ క్రౌన్ ఆకారాన్ని గుర్తు పెట్టుకోవాలి. దవడ పన్ను పైభాగం దాదాపు 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది; దాని కింద ఉన్న ఇంప్లాంట్ సాధారణంగా 4 నుంచి 5 మిల్లీమీటర్లే. అంటే సన్నని కాడ మీద వెడల్పాటి పుట్టగొడుగు నిలబడినట్టు ఉంటుంది. పైనుంచి బ్రష్ ఎంత తోమినా ఆ గొడుగు కిందికి, కాడ చిగురును తాకేచోటికి, కుచ్చులు చేరవు. పాచి చేరేది అక్కడే.

అందుకని రాత్రి ముందుగా ఇంటర్‌డెంటల్ బ్రష్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. బ్రష్ చేసుకున్నాక చేద్దామనుకుంటే నిద్రమత్తులో వదిలేసేది ఈ పనినే. లోపలి తీగకు ప్లాస్టిక్ పూత ఉన్న బ్రష్‌ను ఎంచుకోండి. పూత లేని తీగ లోహాన్ని గీయగలదు. పరిమాణం విషయంలో ఎక్కువమంది పొరపడతారు. సందులో అవలీలగా దూరిపోయే సన్నని బ్రష్ హాయిగా అనిపిస్తుంది కానీ, దాని కుచ్చులు రెండువైపుల గోడలనూ తాకనందున పాచి అలాగే ఉండిపోతుంది. బలవంతంగా నెట్టవలసి వస్తే అది మరీ లావు. కుచ్చులు రెండువైపులా రాసుకుంటూ కొద్దిపాటి అడ్డుతో లోపలికి వెళ్ళాలి, తీగ మాత్రం దేనికీ తగలకూడదు. ఇంప్లాంట్ ముందు సందుకు ఒక పరిమాణం, వెనక సందుకు మరొక పరిమాణం కావలసి రావచ్చు. తొలిసారి ఈ ఎంపికను వైద్యుని దగ్గర అద్దంలో చూసుకుంటూ చేయించుకోవడం ఉత్తమం.

చెంప వైపు నుంచి బ్రష్‌ను దూర్చి, కుచ్చులను చిగురు అంచుకు ఆనించి, ముందుకు వెనక్కు నాలుగైదుసార్లు కదపండి. తరువాత దాన్ని కొద్దిగా పక్కకు ఒరిగించి ఇంప్లాంట్ గోడకు ఆనిస్తూ మళ్ళీ కదపండి. చివరగా అదే సందును నాలుక వైపు నుంచి కూడా శుభ్రం చేయండి. నాలుక వైపు చేయి తిరగదు. ఆ అసౌకర్యం వల్లనే దవడ ఇంప్లాంట్‌లలో నాలుక వైపు వెనక మూల ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతుంది. మెడ దగ్గర కాస్త వంచుకోగల బ్రష్‌గానీ, పొడవాటి పిడి ఉన్నదిగానీ ఆ మూలకు పనికివస్తుంది. బయటికి తీసిన ప్రతిసారీ కుచ్చులను వెలుతురులో చూడండి. తెల్లని కుచ్చు మీద గులాబీ చారగానీ, దుర్వాసనగానీ ఉంటే, ఏ మూల నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకోండి.

ఆ తరువాత మెత్తని టూత్‌బ్రష్‌ను చిగురు వైపు 45 డిగ్రీలు వాల్చి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు నోరంతా తోమండి. ఇంప్లాంట్ వెనక పళ్ళేమీ లేకపోతే, ఒకే కుచ్చు ఉండే సింగిల్ టఫ్ట్ బ్రష్‌తో దాని వెనక గోడను చుట్టివచ్చినట్టు తోమాలి. గరుకు పళ్ళపొడులు వద్దు. మామూలు ఫ్లోరైడ్ పేస్టు చాలు, పక్కనున్న సహజమైన పళ్ళకు అది అవసరం కూడా.

ఫ్లాస్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. క్రౌన్ అంచు నున్నగా, చిగురు ఆరోగ్యంగా ఉన్నంతవరకు ఫ్లాస్ వాడవచ్చు. కానీ ఎముక తరిగి ఇంప్లాంట్ గరుకు భాగం బయటపడితే, దారం ఆ మరచుట్లకు పట్టుకుని చీలి, పోగులు చిగురు లోపలే ఉండిపోయి, అవే వాపును పెంచిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. దారం చిట్లుతోందనిపిస్తే ఆపేసి ఇంటర్‌డెంటల్ బ్రష్‌తోనే సరిపెట్టుకోండి. వాటర్ ఫ్లాసర్ తోడుగా మంచిదే. నీటిధారను చిగురులోకి నిలువుగా కొట్టకుండా, తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, చిగురు అంచు వెంబడి అడ్డంగా నడపాలి. అంటుకున్న పాచి పొరను మాత్రం కుచ్చు రాపిడే వదిలిస్తుంది కాబట్టి, నీరు బ్రష్‌కు ప్రత్యామ్నాయం కాదు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపు మందును వైద్యులు చెప్పిన కొద్ది రోజులే వాడండి. ఎక్కువకాలం వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది.

మూడవ పని: వారానికి ఒకసారి చూసుకోవడం

మంచి వెలుతురులో, అద్దం ముందు, బుగ్గను వేలితో పక్కకు లాగి ఇంప్లాంట్ చుట్టూ చిగురును చూడండి. అవతలి వైపున్న సహజమైన పన్ను చిగురుతో పోల్చండి. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఉబ్బినట్టు ఉందా? చూపుడు వేలి కొనను చిగురు కింది భాగం నుంచి క్రౌన్ వైపుకు మెల్లగా నొక్కుతూ తెస్తే అంచున తెల్లని, పసుపుపచ్చని చుక్క ఏదైనా వస్తోందా? వస్తే అది చీము; అది కనిపించిన తరువాత మామూలు అపాయింట్‌మెంట్ వరకు ఆగకండి, ఆ వారంలోనే చూపించుకోండి. చిగురు కిందికి జారి లోహపు రంగు బయటపడటం, ఆ ఒక్కచోటే చెడు రుచి రావడం కూడా చూపించుకోవలసిన గుర్తులే.

రక్తం విషయంలో కొంత విచక్షణ అవసరం. చాలాకాలం వదిలేసి కొత్తగా ఇంటర్‌డెంటల్ బ్రష్ మొదలుపెట్టినవారికి తొలి రోజుల్లో రక్తం రావచ్చు. భయపడి మానేయకూడదు, మానేస్తే వాపు పెరుగుతుంది. సరైన పద్ధతిలో రోజూ శుభ్రం చేస్తున్నా వారం పది రోజులకు తగ్గకపోతే, లేదా అంతవరకు రానిది ఒకే మూల నుంచి పదేపదే వస్తుంటే, వైద్యుణ్ణి కలవాలి. పొగ తాగేవారిలో రక్తస్రావం అణిగి ఉండవచ్చు కాబట్టి, రక్తం రాలేదన్నంత మాత్రాన వారు ధీమాగా ఉండలేరు.

మరో రెండు గుర్తులను ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది, కొత్తగా ఆహారం ఇరుక్కోవడం. సహజమైన పళ్ళు ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతూ ఉంటాయి, ఇంప్లాంట్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దానివల్ల మొదట్లో బిగువుగా ఆనుకుని ఉన్న పక్కపన్నుకూ క్రౌన్‌కూ మధ్య సందు ఏర్పడవచ్చు. క్రౌన్‌కు కొద్దిగా పదార్థం జోడించి, లేదా దాన్ని మార్చి ఈ సందును సరిచేయవచ్చు. రెండవది, కదలిక. క్రౌన్ కదిలితే అందరూ ఇంప్లాంట్ పోయిందనుకుంటారు. చాలాసార్లు వదులయ్యింది లోపలి స్క్రూ మాత్రమే, బిగిస్తే సరిపోతుంది. అయితే వదులైన స్క్రూ మీదే నములుతూ పోతే అది విరగవచ్చు, ఆ సందులో సూక్ష్మజీవులు చేరతాయి. కాబట్టి ఆ వైపు నమలడం మానేసి త్వరగా వెళ్ళండి. ఇంట్లో జిగురుతో అంటించే ప్రయత్నం చేయవద్దు.

నాలుగవ పని: వైద్యుని దగ్గర ఏం జరగాలి

ఎంతకాలానికి ఒకసారి అన్నది మనిషిని బట్టి మారుతుంది. చిగుళ్ళ జబ్బు చరిత్ర ఉన్నవారికి, పొగ తాగేవారికి 3 నుంచి 4 నెలలకు ఒకసారి. ఏ ప్రమాదకారకమూ లేక, రక్తం చుక్క కూడా రానివారికి 6 నెలలకు ఒకసారి అన్నది సమంజసమైన లెక్క. కొలతలు లేకుండా ఏడాది దాటకూడదు.

ఆ సందర్శనలో కేవలం పళ్ళు క్లీన్ చేసి పంపేస్తే పని సగమే అయినట్టు. ప్రోబ్‌తో ఆరుచోట్లా లోతు చూసి, రక్తం, చీము వచ్చాయేమో నమోదు చేయాలి. ఇంప్లాంట్ చుట్టూ ప్రోబ్ పెట్టకూడదన్న పాత అభిప్రాయం ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది, దాదాపు 0.25 న్యూటన్ల తేలికపాటి ఒత్తిడితో చేస్తే హాని లేదు, చేయకపోతేనే జబ్బు దాగి ఉంటుంది. పాత అంకెల కన్నా లోతు పెరిగినా, రక్తం వచ్చినా ఎక్స్‌రే తీసి పాతదానితో పోల్చాలి. ఎక్స్‌రేకు ఒక పరిమితి ఉంది: అది ఇంప్లాంట్ ముందు, వెనక అంచుల ఎముకనే చూపగలదు. చెంప వైపు, నాలుక వైపు ఎముక ఇంప్లాంట్ నీడలో కలిసిపోతుంది. అందుకే ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాటతో ప్రోబ్ కొలతలను పక్కన పెట్టలేము.

గార తీసే మామూలు ఉక్కు పరికరాల కొన టైటానియాన్ని గీస్తుంది. గీతలు పడినచోట పాచి మరింత సులువుగా పడుతుంది. కాబట్టి టైటానియం లేదా గట్టి ప్లాస్టిక్ కొనలున్న పరికరాలనూ, గ్లైసిన్ లేదా ఎరిత్రిటాల్ వంటి మెత్తని పొడిని గాలి, నీటితో చిమ్మే యంత్రాన్నీ వాడతారు. ఏవి వాడుతున్నారో ముందే అడగడంలో తప్పేమీ లేదు.

ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం

52 ఏళ్ళ స్త్రీకి కింది కుడి దవడ పన్ను స్థానంలో ఇంప్లాంట్ ఉందనుకుందాం. క్రౌన్‌ను సిమెంట్‌తో అతికించారు. మొదటి కొలతలు చెంప వైపు 3, 2, 3. నాలుక వైపు 3, 3, 3 మిల్లీమీటర్లు. ఏడాది ఎక్స్‌రేలో ఇంప్లాంట్ పైఅంచు నుంచి ఎముక 1 మిల్లీమీటరు కింద ఉంది. రెండేళ్ళ తరువాత ఆమె బ్రష్ మీద అప్పుడప్పుడు గులాబీ చార చూసి వచ్చారు. నొప్పి లేదు. ఇప్పుడు చెంప వైపు అంకెలు మారలేదు. నాలుక వైపు 3, 4, 5 అయ్యాయి, 5 ఉన్న వెనక మూలలో రక్తం వచ్చింది, చీము లేదు. కొత్త ఎక్స్‌రేలో ఎముక 1.1 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. ఆ 0.1 తేడా ఎక్స్‌రే తీసిన కోణం వల్ల కూడా వస్తుంది కాబట్టి, దాన్ని ఎముక నష్టంగా లెక్కించరు. లోతు పెరిగింది చిగురు ఉబ్బడం వల్ల. ఇది మ్యూకోసైటిస్.

ఇప్పుడు కారణం వెతకాలి. సిమెంట్‌తో అతికించిన క్రౌన్‌లో మొదటి అనుమానం చిగురు కింద మిగిలిపోయిన సిమెంట్ తునక మీదికే వెళ్ళాలి. కొన్ని సిమెంట్‌లు ఎక్స్‌రేలో కనబడవు, కనుక పరికరంతో తడిమి చూస్తారు. ఇక్కడ సిమెంట్ దొరకలేదు. ఆమె ఇంట్లో వాడే బ్రష్‌నే తెప్పించి అద్దం ముందు చేసి చూపమన్నప్పుడు విషయం తేలింది: బ్రష్ వెనక సందులో ఏమీ తాకకుండా దూరిపోతోంది, పైగా ఆమె చెంప వైపు నుంచి మాత్రమే వాడుతున్నారు. ఆ మూలను శుభ్రం చేసి, ఒక పరిమాణం పెద్ద బ్రష్ ఇచ్చి, నాలుక వైపు నుంచి చేయడం నేర్పారు. మూడు నెలల తరువాత ఆ మూల కొలత మళ్ళీ 3, రక్తం లేదు. రక్తం ఇంకా వచ్చి ఉంటే, క్రౌన్ తీసి దాని అంచు ఆకారాన్ని పరిశీలించి, శుభ్రం చేసుకోవడానికి వీలుగా సవరించడం తరువాతి మెట్టు అయ్యేది.

అదే మనిషి ఆ గులాబీ చారను పట్టించుకోకుండా ఐదో ఏట వచ్చారనుకుందాం: లోతు 7, వేలితో నొక్కితే చీము, ఎక్స్‌రేలో ఎముక 3.5 మిల్లీమీటర్ల కిందికి దిగింది. ఇది పెరి-ఇంప్లాంటైటిస్. పాత రికార్డులేవీ లేకపోయినా, రక్తం లేదా చీముతోపాటు లోతు 6 మిల్లీమీటర్లు, ఎముక నష్టం 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే దాన్ని అలాగే నిర్ధారిస్తారు. ముందుగా చిగురు కోయకుండా లోపలి పాచిని, గారను తొలగించి, 6 నుంచి 12 వారాల్లో మళ్ళీ కొలుస్తారు. యాంటీబయాటిక్ మాత్రలతోనే నయం చేసుకుందామనుకోవడం వృథా. మరచుట్లలో పేరుకున్న సూక్ష్మజీవుల పొర మీద మాత్ర ఒక్కటే పనిచేయదు, దాన్ని చేతితో తొలగించవలసిందే. అప్పటికీ లోతు 6 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువగానే ఉండి, రక్తం వస్తూనే ఉంటే చిగురు తెరిచి ఇంప్లాంట్ ఉపరితలాన్ని కళ్ళతో చూస్తూ శుభ్రం చేసే శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఎముక లోపం గిన్నె ఆకారంలో, చుట్టూ గోడలతో ఉంటే ఎముక పొడి నింపే ప్రయత్నం చేయవచ్చు. గోడలు లేనిచోట అది నిలవదు.

చికిత్స తరువాత లోతు 5 మిల్లీమీటర్లకు మించకుండా, చీము లేకుండా, రక్తం మహా అయితే ఒక్కచోట మాత్రమే కనిపిస్తే ఫలితం బాగున్నట్టు. అటువంటివారు 3 నెలలకు ఒకసారి కొలతలకు వెళ్ళాలి, ఎందుకంటే ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. ఎముకలో నాటిన ఇంప్లాంటే కదులుతుంటే మాత్రం దాన్ని బతికించే మార్గం లేదు. త్వరగా తీయించుకుంటే మిగిలిన ఎముకైనా దక్కుతుంది, మరో ఇంప్లాంట్‌కు అవకాశం ఉందో లేదో ఆ ఎముక మానిన తరువాత నిర్ణయిస్తారు.